ఊదుగొట్టం ఊపిరి

ఛాతీ విభాగంలో చివరి గది ఊదమ్మది. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలోంచి "ఊదు! ఊదు! ఊదు! ఇంకా, ఇంకా, ఇంకా!" అని కేకలు వినపడుతూనే ఉన్నాయి. దాంతో నర్సులు, వార్డు బాయ్‌లు, చివరికి డాక్టర్లు కూడా ఆమెను ఊదమ్మ అనే పిలుస్తారు. ఆమె ఉడుక్కోదు. పక్క గదిలో గుండె పరీక్ష చేసే కుర్రవాడు మాత్రం ఆమె కేకలకి తన గీతలన్నీ వంకర పోతున్నాయని నెలకోసారి గొడవ పెట్టుకుంటాడు.

పని మీద ఆమెకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. ఊపిరి కొలిచే యంత్రానికి బుర్ర లేదు, ఊదించేవాళ్ళకే ఉండాలి అంటుంది. మనిషి ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో అట్ట గొట్టం పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని ఒక్క ఉదుటున వదలమంటే, నూటికి తొంభై మంది మొహమాటానికి ఊదుతారు. ఆ మొహమాటాన్ని వదిలించడమే తన ఉద్యోగమని ఆమె లెక్క. తన చేతి మీదుగా తప్పుడు రిపోర్టు బయటికి పోదని నలుగురిలో చెప్పుకునేది కూడా.

ఆ రోజు పదింటికి హాస్టల్ వంటావిడ వచ్చింది. యాభై ఐదేళ్ళ మనిషి, పొట్టిగా, దిట్టంగా ఉంది. నడవాలోంచి గదిలోకి పది అడుగులు వేసేసరికి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. వెనకాలే ఆమె కోడలు, నాలుగో నెల కడుపుతో, చేతిలో కాగితాల సంచితో వచ్చింది.

"కూర్చో పెద్దమ్మా," అంది ఊదమ్మ కుర్చీ లాగి. హాస్టల్లో రెండు వందల మంది పిల్లలూ ఆవిడని పెద్దమ్మ అనే పిలుస్తారని కోడలు చెప్పింది. అది విన్నాక ఇంకో పిలుపు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"నాకు పరీక్షలేం వద్దు తల్లీ. వంటపనికి పనికొస్తానని ఒక ముక్క రాసిస్తే చాలు, పోతాను," అంది పెద్దమ్మ, ఒక్కో మాటకీ మధ్య ఆగి.

విషయం ఇదీ. రెండు నెలల్లో రెండుసార్లు ఆవిడ వంట మధ్యలో ఆయాసంతో కూలబడింది. ఒకసారి పెద్ద గుండిగ మూత చేతిలోంచి జారి కాలి పక్కన పడింది. వార్డెన్ భయపడి, ఆస్పత్రి నుంచి కాగితం తెమ్మన్నాడు. పనికొస్తుందని రాస్తే ఉంటుంది, లేదంటే ఇంటికి వెళ్ళిపోవాలి. వెళ్ళిపోతే ఆ పొయ్యి దగ్గర ఎవరు నిలబడాలో కూడా ఆయన అప్పుడే తేల్చేశాడు. కూరగాయలు తరిగే కోడలు ఎలాగూ అక్కడే ఉంది కదా, అన్నాడట.

ఊదమ్మ ఫారం తీసింది. "పొగ తాగుతావా?"

"తాగుతాను," అంది పెద్దమ్మ వెంటనే.

ఊదమ్మ కలం ఆగింది. "రోజుకెంత?"

"పొద్దున నాలుగ్గంటలు, సాయంత్రం మూడు."

"అత్తమ్మా! చుట్టా, బీడీ తాగుతావా అని అడుగుతున్నారు," అంది కోడలు నవ్వాపుకోలేక.

"ఛీ! నా వంశంలో ఎవరూ ముట్టుకోలేదు," అని పెద్దమ్మ మండిపడింది. "అలాగని సరిగ్గా అడగొచ్చు కదా."

ముగ్గురూ నవ్వారు. ఊదమ్మ 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

పరీక్ష మొదలైంది. పెద్దమ్మ గాలి బాగానే పీల్చుకుంది. ఊదమ్మ తన మామూలు కేక అందుకుంది. పెద్దమ్మ బుగ్గలు పొంగించి బలంగా ఒక ఊపు ఊదింది. రెండు సెకన్లు కాగానే గొట్టం మీంచి నోరు తీసి, మొహం పక్కకి తిప్పేసి, మళ్ళీ గాలి పీల్చుకుంది. తెర మీద గీత పైకి లేచి, సగంలో కత్తితో కోసినట్టు తెగిపోయింది.

"అలా కాదు. గాలంతా అయిపోయేదాకా వదలాలి. కనీసం ఆరు సెకన్లు."

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. ప్రతిసారీ ఒకే చోట ఆగి, ఒకే పక్కకి మొహం తిప్పుతోంది. మొహమాటంగా ఊదేవాళ్ళని, బద్ధకంగా ఊదేవాళ్ళని, దగ్గు తెచ్చుకుని తప్పించుకునేవాళ్ళని ఊదమ్మ వేలమందిని చూసింది. ఇంత క్రమశిక్షణతో తప్పు ఊదే మనిషిని మాత్రం చూడలేదు.

"పెద్దమ్మా, నువ్వు పొయ్యి ఎలా ఊదుతావు? చూపించు."

పెద్దమ్మ ఆ అట్ట గొట్టాన్నే అడ్డంగా పట్టుకుని, నేల వైపు వంగి చూపించింది. ఒక ఊపు ఊదడం, మొహం పక్కకి తిప్పి గాలి తీసుకోవడం, మళ్ళీ ఒక ఊపు. "ఎక్కువసేపు ఊదితే బూడిద లేచి గుండిగలో పడుతుంది. మొహం తిప్పకుండా గాలి తీసుకుంటే పొగంతా మన నోట్లోకే వస్తుంది. ముప్పై నాలుగేళ్ళ కింద, పెళ్ళైన కొత్తలో, మా అత్త నెత్తి మీద మొట్టి మరీ నేర్పింది."

ఊదమ్మకి అప్పుడు అర్థమైంది. ముప్పై నాలుగేళ్ళుగా ఇనప ఊదుగొట్టం పట్టిన నోరు అది. గొట్టం తగిలితే చాలు, దాని పని అది చేసుకుపోతోంది. అట్ట గొట్టమైతేనేం, ఇనప గొట్టమైతేనేం!

'ఇదివరకు ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించారా?' అని అడిగి, కోడలు సంచిలోంచి తీసిచ్చిన కిందటేడాది రిపోర్టు అందుకుంది. 'గాలిగొట్టాల్లో అడ్డంకి లేదు. ఊపిరి బలం తక్కువ.' దాని కింద బలం మందు, విశ్రాంతి అని ఉంది. గీత చూసింది. రెండున్నర సెకన్ల దగ్గర తెగిపోయి ఉంది. మూలన యంత్రం చిన్న అక్షరాల్లో 'ఊదడం ముందే ఆగింది' అని మొత్తుకుంది. దాని పక్కనే పరీక్ష చేసినవారి సంతకం ఉంది. ఆ సంతకం తనదే.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఏదో రద్దీ అయి ఉంటుంది, నడవా నిండా జనం ఉండి ఉంటారు. ఏదైతేనేం, మూడు తెగిన గీతలకి తను 'సరే' అంది. తన చేతి మీదుగా తప్పుడు రిపోర్టు పోదని ఎన్నిసార్లు చెప్పుకుందో అన్నీ ఒకేసారి చెవుల్లో మోగాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె వాటిని దాచుకోలేదు.

"ఏమైందమ్మా?" అంది పెద్దమ్మ కంగారుగా.

"పోయినేడు నీకు పరీక్ష చేసింది నేనే పెద్దమ్మా. తప్పు చేశాను. ఇవాళ సరిగ్గా చేస్తాను. నువ్వు నాకొక్క సాయం చెయ్యి." కుర్చీ దగ్గరికి లాక్కుని ఆవిడ మోకాళ్ళకి ఎదురుగా కూర్చుంది. "ఇక్కడ నిప్పు లేదు, బూడిద లేదు. ఎంతసేపు ఊదినా నీ కళ్ళు మండవు. మొహం తిప్పుకోవాల్సిన పనే లేదు. నన్నే చూస్తూ ఊదు."

ఈసారి ఊదమ్మ కేక పెట్టలేదు. ఆవిడ గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించి, మొహం పక్కకి పోకుండా పట్టుకుని, మెల్లగా సెకన్లు చెప్పింది. రెండు దాటింది. ఆరు దాటింది. పెద్దమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. అయినా గాలి వస్తూనే ఉంది, సన్నగా, ఈల లాంటి చప్పుడుతో. పదకొండో సెకనుకి ఆగింది. తెర మీద గీత శిఖరం దాకా లేచి, ఒక్కసారిగా లోపలికి కుంగి, ఆ తరవాత నేల మీద పాకినట్టు చాలా దూరం వెళ్ళింది.

అంకెలు చూసింది. మొత్తం గాలి రెండు లీటర్ల పైచిలుకు. మొదటి సెకనులో వచ్చింది ఒక్క లీటరు. నూటికి నలభై తొమ్మిది! డెబ్భై దాటి ఉండాల్సిన అంకె అది. కిందటేడు డెబ్భై ఏడని వచ్చింది. ఎందుకు రాదు? మిగిలిన గాలి బయటికి రాకముందే ఆవిడ ఆపేసింది. మొత్తమే చిన్నదైపోతే, మొదటి సెకనులో వచ్చింది దాంట్లో పెద్ద వాటాలా కనపడుతుంది. అడ్డంకి ఉంది. దాన్ని లెక్క దాచేసింది.

మరో రెండుసార్లు ఊదించి, మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాకే ఊదమ్మకి మనసు కుదుటపడింది. గాలిగొట్టాలు తెరిచే మందు పీల్చే డబ్బా ద్వారా నాలుగు సార్లు పీల్పించి, ఇరవై నిమిషాలు ఆగమంది. మందుకి గొట్టాలు పూర్తిగా తెరుచుకుంటే ఉబ్బసం కావచ్చు. తెరుచుకోకపోతే లోపల మచ్చ పడిపోయిందని అర్థం.

గాలిగొట్టాల్లో అడ్డంకి ఉందని ఊదమ్మ చెప్పాక, ఆ ఇరవై నిమిషాల్లో కోడలు అడగాల్సింది అడిగింది. "పొగ తాగేవాళ్ళకి కదండీ ఈ జబ్బు? మా అత్తమ్మ ఏ పాపం ఎరగదు."

ఊదమ్మ ఫారం వైపు చూసింది. 'లేదు' అన్న గడిలో తన టిక్కు కనపడింది. పెద్దమ్మ మొదట చెప్పిన జవాబే అసలైన జవాబు. తామంతా దానికి నవ్వారు.

"ఆవిడ నిజమే చెప్పింది. మనకే చెవులు లేవు," అంది. "కట్టె కాలితే వచ్చే పొగలో కంటికి కనపడేది బూడిద. అది ముక్కులో ఆగిపోతుంది. కనపడని నుసి ఉంటుంది చూశావా, అదీ ప్రమాదం. అది వెంట్రుక కంటే సన్నంగా, ఊపిరితిత్తుల్లో చివరి సందుల దాకా పోతుంది. ఒంట్లోని కాపలా కణాలు దాన్ని మింగాలని చూసి, మింగలేక, అక్కడ వాపు తెప్పిస్తాయి. కళ్ళె పెరుగుతుంది. వాపు తగ్గి, మళ్ళీ వచ్చి, ఇలా ఏళ్ళ తరబడి జరిగితే ఆ చిన్న గొట్టాల గోడలు దళసరి అయి మచ్చ కడతాయి. గాలి లోపలికి ఎలాగో పోతుంది. బయటికి రావాలంటే సందు చాలదు. పాత గాలి లోపలే ఉండిపోతే కొత్త గాలికి చోటేదీ? ఆయాసమంటే అదే."

"సిగరెట్టూ, పొయ్యీ ఒకటేనా అయితే?"

"అచ్చంగా ఒకటి కాదు. సిగరెట్టు గాలి తిత్తుల్ని ఎక్కువగా చింపేస్తుంది. పొయ్యి పొగ గొట్టాలని ఎక్కువగా బిగించేస్తుంది. ఎక్కే మెట్లు వేరు, చేరే ఇల్లు ఒకటే."

పెద్దమ్మ ఇదంతా వింటూ, తనకేమీ పట్టనట్టు గోడ వైపు చూస్తూ ఉంది. కోడలు నీళ్ళ సీసా నింపుకోవడానికి బయటికి వెళ్ళగానే, చప్పున ఊదమ్మ చెయ్యి పట్టుకుంది.

"తల్లీ, ఉన్నది ఉన్నట్టు రాయకు. పనికొస్తానని రాయించు."

"ఇంత ఆయాసంతో మళ్ళీ ఆ పొగలోకి పోతావా?"

"నేను పోకపోతే అది పోతుంది." తలుపు వైపు గడ్డంతో చూపించింది. "వచ్చి రెండేళ్ళయింది. ఒక్క రోజు కూడా ఆ వంటగది గడప తొక్కనివ్వలేదు. కూరగాయలు బయట వరండాలో తరుక్కోమంటాను. లోపలికొస్తే అరుస్తాను. నేనంటే గయ్యాళి అనుకుంటుంది, అనుకోనీ. నా ఛాతీ ఎలాగూ పోయింది. దాని కడుపులో ఇంకో చిన్న ఛాతీ కూడా ఉంది కదా."

ఊదమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇన్నాళ్ళూ ఈ మనిషి ఎవరూ చెప్పకుండానే ఒక మనిషిని పొగకి అడ్డుగా నిలబడి కాపాడింది, అదీ తన సొంత ఊపిరితిత్తులు అడ్డం పెట్టి. దానికి ఎక్కడా సంతకం లేదు, రిపోర్టూ లేదు.

ఇరవై నిమిషాల తరవాత ఊదిస్తే అంకె యాభై ఒకటి. మందు కాస్త తేలిక చేసింది, తలుపు మాత్రం తెరవలేదు. ఊదమ్మ రెండు రిపోర్టులూ పట్టుకుని తిన్నగా డాక్టరమ్మ గదికి వెళ్ళింది.

"మేడమ్, పోయినేడు నేను ఊదించింది చెల్లదు. దాన్ని రద్దు చేసి ఇది పెట్టండి," అని, ఊదుగొట్టం సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. ఫారంలో 'లేదు' కొట్టేసి పక్కన తను రాసింది కూడా చూపించింది. 'కట్టెల పొగ. ముప్పై నాలుగేళ్ళు. రోజుకు ఏడు గంటలు.'

డాక్టరమ్మ ఏళ్ళని గంటలతో మనసులోనే హెచ్చవేసి పెదవి విరిచింది. తరవాత పాత గీత మీద వేలు పెట్టి కొంతసేపు చూసింది. "నువ్వొక్కదానివే కాదులే. నేనూ అంకె చూశాను, గీత చూడలేదు. ఇకనుంచి తెగిన గీత నా బల్ల మీదికి రానివ్వకు. వచ్చినా నేను తీసుకోను."

పెద్దమ్మని కూర్చోబెట్టి డాక్టరమ్మ మెత్తగానే అయినా దాపరికం లేకుండా మాట్లాడింది. పోయిన ఊపిరి తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. రోజూ పీల్చే మందు వాడాలి, ఫ్లూ టీకాలు వేయించుకోవాలి, నడక పెంచాలి. పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదలడం నేర్చుకోవాలి. కానీ పొగలోంచి బయటపడకపోతే వీటిలో ఏదీ నిలబడదు.

"పొడి కట్టెలు వాడతాను. పొగగొట్టం కట్టించమంటాను. సరిపోదా?" అంది పెద్దమ్మ.

"కొంత తగ్గుతుంది. రెండు వందల మందికి నాలుగు పొయ్యిలంటే, ఆ మిగిలిన కొంత కూడా ఎక్కువే. పొగ పుట్టని మంట కావాలి."

వార్డెన్ అడిగిన కాగితం దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ కలం ఆగింది. ఫారంలో ఒకే వాక్యం అచ్చువేసి ఉంది. 'పై వ్యక్తి వంటపనికి అర్హురాలు, లేదా అనర్హురాలు.' మొదటిది కొట్టేస్తే కోడలు పొయ్యి దగ్గరికి పోతుంది. రెండోది కొట్టేస్తే అత్త పోతుంది. ఊదమ్మకి ఆ ఫారం మీద ఒళ్ళు మండింది.

"మనిషిని ఎందుకు తూచాలి మేడమ్? గదిని తూచండి," అంది.

డాక్టరమ్మ నవ్వి, ఆ వాక్యం మొత్తం అడ్డంగా కొట్టేసి, చేత్తో రాసింది. 'ఈమె వంటపనికి అర్హురాలు. ఆ వంటగది మాత్రం, పొగ ఉన్నంతకాలం, ఏ మనిషి ఊపిరికీ అర్హం కాదు.'

మర్నాడు మధ్యాహ్నం ఆ కాగితం ఇవ్వడానికి ఊదమ్మే హాస్టల్‌కి వెళ్ళింది. తప్పు తనది కాబట్టి జవాబు తనే చెప్పుకోవాలనుకుంది. వార్డెన్ గది వంటగదికి ఎదురుగానే ఉంది. అత్తాకోడళ్ళు గుమ్మం దగ్గర నిలబడ్డారు. వార్డెన్ కళ్ళజోడు సర్దుకుని కాగితం రెండుసార్లు చదివాడు.

"గది అర్హం కాదంటే ఏం చెయ్యమంటారమ్మా? గదికి సెలవివ్వనా?"

"పొయ్యిలు మార్చండి సార్. గ్యాసు పెట్టించండి."

ఆయన కాగితం బల్ల మీద పెట్టి, వెనక్కి వాలి, పెద్దమ్మ వైపు చూశాడు. "గ్యాసు పొయ్యిలు వచ్చి మూడేళ్ళయింది. స్టోరు గదిలో గోనె పట్టా కింద ఉన్నాయి. వద్దన్నది నేను కాదు. ఆవిడనే అడగండి."

పెద్దమ్మ చూపులు నేలకి దిగాయి. ఊదమ్మ ఆశ్చర్యపోయి ఆవిడ వైపు తిరిగింది.

"ఎందుకు పెద్దమ్మా?"

"మొదటి రోజే అన్నం మాడిపోయింది. ఇంత మందికి ముప్పై ఏళ్ళు వండాను, గుండిగ అడుగున ఒక్క మెతుకు మాడనివ్వలేదు. ఆ మాయదారి చక్రం ఎటు తిప్పాలో తెలియలేదు. మాడిన అన్నం ఎవరూ చూడకుండా పారబోసి, ఈ పొయ్యిలు మంచివి కావని చెప్పాను. అందరూ నమ్మారు." ఆయాసంతో ఆగింది. "పరువు పోతుందని చెప్పలేదు."

కోడలు నోరు తెరిచి అత్తని చూసింది. వార్డెన్ తల గోక్కున్నాడు. ఎవరో ఒకరు ఆవిడని తిట్టేలోపు ఊదమ్మ రెండడుగులు వేసి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"నిన్న నా పరువు పోయింది, ఇవాళ నీది. ఇద్దరం ఇంకా నిలబడే ఉన్నాం కదా. ఆ చక్రం ఎటు తిప్పాలో నేర్పితే నేర్చుకుంటావా?"

"ఎవరు నేర్పుతారు?"

"నేను నేర్పుతాను," అంది కోడలు. "మా అమ్మ వాళ్ళింట్లో పన్నెండేళ్ళప్పటి నుంచి గ్యాసు మీదే వండాను. నన్ను ఎప్పుడైనా అడిగావా అత్తమ్మా? గడప ఎక్కనిస్తేగా!"

గయ్యాళితనం నటించిన రెండేళ్ళూ, తనకి కావలసిన విద్య వరండాలో కూరగాయలు తరుక్కుంటూ కూర్చుందన్నమాట.

వారం రోజుల్లో పని అయిపోయింది. మెకానిక్ వచ్చి పైపులు మార్చాడు, సిలిండర్లు బయటి గోడ పక్కకి చేర్చాడు. కట్టెలు పేర్చి మూసేసిన రెండో కిటికీ తెరిచారు. గోడలకి సున్నం వేసినా మసి ఛాయ పూర్తిగా పోలేదు. వార్డెన్ తనే దగ్గరుండి పాత పొయ్యిలు పగలగొట్టించాడు, మనసు మారుతుందేమోనని భయపడ్డట్టుగా.

మొదటి వంట రోజున మందు పీల్చడం సరిగ్గా చేస్తోందో లేదో చూడాలన్న వంకతో ఊదమ్మ మళ్ళీ వచ్చింది. పెద్దమ్మ మెట్ల దగ్గర ఆగి, పెదవులు చుట్టి, డాక్టరమ్మ చెప్పినట్టే గాలి వదిలి, లోపలికి నడిచింది. గదిలో పొగ లేదు. గుండిగ కింద నీలం మంట గుండ్రంగా కూర్చుని ఉంది. ఆవిడ దాని ముందు నిటారుగా నిలబడి ఊపిరి పీల్చుకుంది. ఛాతీలో ఈల అలాగే ఉంది. కళ్ళు మాత్రం మండలేదు. ఒక నిమిషం అలాగే నిలబడి, గుమ్మం వైపు తిరిగింది.

కోడలు అలవాటు ప్రకారం కత్తిపీట తీసుకుని వరండాలో కూర్చోబోతోంది.

"ఏయ్, అక్కడ కూర్చుంటావేంటే?" అని అరిచింది పెద్దమ్మ, ఎప్పటి గొంతుతోనే. "లోపలికి రా."